ఒకే యంత్రం, రెండు తరుగుదలలు

ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని 1-7-2021న 4,50,000 రూపాయలకు ఒక ఆఫ్‌సెట్ యంత్రం కొన్నాడు. లారీ కిరాయి 20,000, బిగింపు ఖర్చు 30,000 అయింది. యంత్రం 8 ఏళ్లు పనిచేస్తుందని, ఆ తర్వాత తుక్కు కింద అమ్మితే 84,000 వస్తుందని అంచనా. స్థిర వాయిదాల పద్ధతిలో ఒకసారి, ఏడాదికి 20 శాతం చొప్పున తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఇంకోసారి తరుగుదల పట్టిక తయారుచేయాలి. మొదటి ఏడాది ముగిసే 31-3-2022 నాటికి సర్దుబాటు పద్దులు రాయాలి. యంత్రాన్ని 30-9-2024న 2,80,000కు అమ్మేస్తే వచ్చింది లాభమో నష్టమో తేల్చాలి.

బీకాం చదువుతున్న మా మేనకోడలు పుస్తకంలోని ఈ లెక్కను ఫోన్లో ఫోటో తీసి పంపింది. పుస్తకం మధ్యలో కుట్టు దగ్గర కాగితం వంగడంతో కొనుగోలు తేదీలోని 7 అంకె 1లా కనబడుతోంది. బిగింపు ఖర్చు 30,000 చివరి సున్నా మీద నీడ పడింది. పుస్తకాలు ఏ తేదీన ముగిస్తారో చెప్పే ఆఖరి వరుస ఫ్రేములోకే రాలేదు. ఇలాంటి ఫోటో చూసి లెక్క మొదలుపెట్టే ముందు, కనబడని అంకెల్ని లెక్కలోని మిగతా భాగాలతోనే సరిచూసుకోవాలి. తరుగుదల లెక్కల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం కూడికలు, తీసివేతలు రాక పోయేవి కావు, ఇక్కడ సరిగా చదవక పోయేవి.

తేదీ సంగతి చూద్దాం. అది 1-1-2021 అయితే 31-3-2021కే ఒకసారి పుస్తకాలు ముగియాలి, ఆ మూడు నెలలకూ ఒక పద్దు పడాలి. ప్రశ్న మాత్రం 31-3-2022తో మొదటి ఏడాది ముగిసిందంటోంది. కాబట్టి కొనుగోలు తేదీ 2021 ఏప్రిల్ 1కీ 2022 మార్చి 31కీ మధ్యే ఉండాలి. అంటే అది జూలై. కత్తిరించిపోయిన ఆఖరి వరుసకు జవాబు కూడా ఇందులోనే దొరికింది. ఏటా మార్చి 31నే పుస్తకాలు ముగిస్తున్నారు. ఇది తెలియకుండా డిసెంబర్ 31 అనుకుంటే మొదటి ఏడాదికి తొమ్మిది నెలల బదులు ఆరు నెలల తరుగుదలే పడుతుంది. మొదటి అంకె తప్పితే తగ్గుతున్న నిల్వల పట్టిక చివరిదాకా తప్పుతూనే పోతుంది.

బిగింపు ఖర్చు 30,000 అయితే యంత్రం మొత్తం ధర 5,00,000. అందులోంచి తుక్కు విలువ 84,000 తీసేసి 8తో భాగిస్తే సరిగ్గా 52,000 వస్తుంది. అదే 3,000 అయితే 48,625 వస్తుంది. పుస్తకాలు రాసేవాళ్లు సాధారణంగా తేలికగా భాగింపయ్యే అంకెలే ఎంచుకుంటారు. ఇది రుజువు కాదు, ఆనవాలు మాత్రమే. వీలుంటే ఇంకో ఫోటో అడగడమే మేలు. నేనూ అడిగాను, అంకె 30,000 అనే తేలింది.

లారీ కిరాయినీ బిగింపు ఖర్చునూ ధరలో ఎందుకు కలపాలి? యంత్రం మన షెడ్డులో నిలబడి మొదటి కాగితం అచ్చు వేసే స్థితికి రావడానికి అయిన ఖర్చంతా దాని ధరే. ఆ తర్వాత వేసే ఇంకు, నూనె, మరమ్మతులు ఆయా ఏడాది ఖర్చులు. జీఎస్టీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. కొన్నప్పుడు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటే, ఆ మొత్తాన్ని మళ్లీ యంత్రం ధరలో కలిపి తరుగుదల కోరకూడదు. ఒకే రూపాయికి రెండు లాభాలు చట్టం ఇవ్వదు.

స్థిర వాయిదాల పద్ధతికి పెద్ద వివరణ అక్కర్లేదు. అయిదు లక్షల్లో 84,000 చివర్లో ఎలాగూ తిరిగొస్తుంది. మిగిలిన 4,16,000 ఎనిమిదేళ్లలో అరిగిపోవాలి. ఏడాదికి 52,000. మొదటి ఏడాది యంత్రం తొమ్మిది నెలలే మన దగ్గర ఉంది కాబట్టి 39,000.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో శాతం మారదు, దాన్ని వేసే అంకె మారుతుంది. మొదటి ఏడాది 5,00,000 మీద 20 శాతం లక్ష, తొమ్మిది నెలలకు 75,000. రెండో ఏడాది ఆ 20 శాతాన్ని మిగిలిన 4,25,000 మీద వేయాలి. ఆ పైన 3,40,000 మీద. ఇక్కడ తుక్కు విలువను ముందే తీసేయకూడదు. 5,00,000లోంచి 84,000 తీసేసి, మిగిలిన 4,16,000 మీద 20 శాతం వేయడం మా మేనకోడలి తరగతిలో చాలామంది చేసిన పొరపాటట. తుక్కు విలువ అప్పటికే ఆ 20 శాతంలో దాగి ఉంది. అదెలాగో చెబుతాను, ఎందుకంటే చాలా పుస్తకాలు శాతాన్ని ఇచ్చేసి ఊరుకుంటాయి.

మామూలు క్యాలిక్యులేటర్ తీసుకోండి. 84,000ను 5,00,000తో భాగించండి. 0.168 వస్తుంది. యంత్రం ఆయుష్షు ఎనిమిదేళ్లు కాబట్టి దీనికి ఎనిమిదో మూలం కావాలి. వర్గమూలం మీటను వరసగా మూడుసార్లు నొక్కితే అదే వస్తుంది. తెరమీద 0.8001 కనబడుతుంది. అంటే ఏటా విలువలో దాదాపు 80 శాతం మిగలాలి, 20 శాతం పోవాలి. అలా పోతేనే ఎనిమిదేళ్లకు 84,000 దగ్గర ఆగుతుంది. తుక్కు విలువ సున్నా అన్నారనుకోండి, ఈ సూత్రం 100 శాతం చూపిస్తుంది, అంటే మొదటి ఏడే అంతా పోవాలి. మిగిలినదాంట్లో కొంత భాగమే తీస్తూ పోయే ఏ పద్ధతీ సున్నాను చేరదు. అందుకే ఈ పద్ధతికి ఎంతోకొంత తుక్కు విలువ ఉండి తీరాలి.

అమ్మకం జరగకుండా యంత్రం మన దగ్గరే ఉంటే మొదటి నాలుగేళ్ల పట్టిక ఇలా ఉంటుంది.

| ముగిసే ఏడాది | స్థిర వాయిదా: తరుగుదల | మిగిలిన విలువ | తగ్గుతున్న నిల్వ: తరుగుదల | మిగిలిన విలువ |
|---|---|---|---|---|
| 31-3-2022 | 39,000 | 4,61,000 | 75,000 | 4,25,000 |
| 31-3-2023 | 52,000 | 4,09,000 | 85,000 | 3,40,000 |
| 31-3-2024 | 52,000 | 3,57,000 | 68,000 | 2,72,000 |
| 31-3-2025 | 52,000 | 3,05,000 | 54,400 | 2,17,600 |

పట్టిక చూడగానే మా అమ్మాయి ఫోన్ చేసింది. "మావయ్యా, తగ్గుతున్న నిల్వ అన్నావు కదా, రెండో ఏడాది 75 వేల నుంచి 85 వేలకు పెరిగిందేంటి?" అంది. అడగాల్సిన ప్రశ్నే. పెరిగింది తరుగుదల కాదు, నెలలు. మొదటి అంకె తొమ్మిది నెలలది, రెండోది పన్నెండు నెలలది. తొమ్మిది నెలల లెక్కను ఏడాదికి సాగదీస్తే లక్ష. లక్ష నుంచి 85 వేలకు తగ్గింది. ఏడాది మధ్యలో కొన్న ప్రతి యంత్రానికీ పట్టికలో ఈ గూని కనబడుతుంది. కనబడకపోతేనే అనుమానించాలి, నెలల లెక్క వేయడం మరిచి ఉంటారు.

ప్రశ్నలో "ఏడాదికి 20 శాతం చొప్పున" అన్న మాటలో "ఏడాదికి" అనేది ముఖ్యం. ఆ మాట లేకుండా ఉత్త "20 శాతం తరుగుదల" అని ఉంటే, ఏ నెలలో కొన్నా మొత్తం ఏడాదికే వేయమని చాలామంది అధ్యాపకులు చెబుతారు. ఫోటోలో ఆ ఒక్క మాట అంచున తెగిపోయినా 75,000 కాస్తా లక్ష అయిపోతుంది.

నాలుగో ఏడాదికి రెండు తరుగుదలలూ దాదాపు పక్కపక్కకు వచ్చాయి, 52,000, 54,400. అయిదో ఏడాది తగ్గుతున్న నిల్వ 43,520కి పడిపోయి స్థిర వాయిదా కిందికి వెళ్లిపోతుంది. పుస్తకాల్లో మిగిలిన విలువల మధ్య తేడా ఎక్కువగా ఉండేది 31-3-2025న, 87,400. అక్కణ్ణుంచి తేడా తరుగుతూ వస్తుంది. ఎనిమిదేళ్లు నిండే 2029 జూన్ 30కి స్థిర వాయిదాలో సరిగ్గా 84,000 మిగిలితే, తగ్గుతున్న నిల్వలో 84,672 మిగులుతుంది. మొదటా చివరా ఏడాదిని ముక్కలు చేయడం వల్ల వచ్చిన స్వల్ప తేడా అది. చివరి ఏడాది తరుగుదలలో ఆ 672 కలిపి సరిచేస్తారు.

ఇక పద్దులు. ఏడాదంతా రాసే చిట్టా పద్దులకు ఏదో ఒక కాగితం ఆధారంగా ఉంటుంది. బిల్లో, రసీదో, బ్యాంకు స్టేట్‌మెంటో. తరుగుదలకు ఏ కాగితమూ రాదు. యంత్రం అరిగిందని ఎవరూ బిల్లు పంపరు. అందుకే ఏడాది చివర మనమే గుర్తుచేసుకుని రాయాలి, అదే సర్దుబాటు పద్దు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 31-3-2022న ఇలా రాస్తారు:

తరుగుదల ఖాతా, డెబిట్ 75,000
యంత్రాల తరుగుదల ఏర్పాటు ఖాతాకు, క్రెడిట్ 75,000

స్థిర వాయిదా అయితే 75,000 బదులు 39,000. పద్దులో మరో అక్షరం మారదు. ఆ తర్వాత తరుగుదల ఖాతాను లాభనష్టాల ఖాతాకు తరలించే పద్దు రాస్తారు. అది ముగింపు పద్దు, సర్దుబాటు పద్దు కాదు. ప్రశ్న సర్దుబాటు పద్దే అడిగితే మొదటిది చాలు.

ఈ పద్దులో బ్యాంకు ఖాతా ఎక్కడా లేదన్నది గమనించండి. యంత్రానికి డబ్బు 2021 జూలైలోనే వెళ్లిపోయింది. ఇప్పుడు జరుగుతున్నది ఆ ఖర్చును ఏయే ఏడాది నెత్తిన ఎంత వేయాలన్న పంపకమే. యంత్రానికి తీసుకున్న బ్యాంకు రుణం వాయిదాలకూ తరుగుదలకూ సంబంధం లేదు. రుణం ముందే తీరినా తరుగుదల ఆగదు, యంత్రం పూర్తిగా అరిగినా రుణం వాయిదా ఆగదు. వాయిదా అసలును ఖర్చుగా రాసి, పైన తరుగుదల కూడా ఖర్చుగా రాస్తే యంత్రం ధర రెండుసార్లు ఖర్చయినట్టు లెక్క. చిన్న వ్యాపారుల పుస్తకాల్లో ఈ తప్పు దొర్లితే లాభం ఉన్నదానికన్నా బాగా తక్కువ కనబడుతుంది.

అసలు చిక్కు రెండో ఏడాది అంకణాలో ఉంది. కొందరు తరుగుదలను నేరుగా యంత్రం ఖాతాలోంచే తగ్గిస్తారు. అప్పుడు అంకణాలో యంత్రం 4,25,000గా కనబడుతుంది, 20 శాతం వేస్తే 85,000, ఇబ్బంది లేదు. మనం పైన రాసినట్టు ఏర్పాటు ఖాతా పెడితే, అంకణాలో డెబిట్ వైపు యంత్రం 5,00,000గానే ఉంటుంది, 75,000 వేరే వరుసలో క్రెడిట్ వైపు ఉంటుంది. తొందరలో ఉన్న విద్యార్థి 5,00,000 మీద 20 శాతం కట్టి లక్ష రాసేస్తాడు. ఆ క్రెడిట్ వరుసను చూసినవాడు 4,25,000 మీద కట్టి 85,000 రాస్తాడు. ఫోటోలో అంకణా సగమే పడితే ఆ క్రెడిట్ వరుస కనబడదు కూడా. తగ్గుతున్న నిల్వల పద్ధతి అని ఉండి, యంత్రం కొని ఏడాది దాటినా ఇంకా కొన్న ధరే కనబడుతుంటే, అంకణాలో ఇంకెక్కడో ఏర్పాటు ఖాతా ఉందని వెతకాలి.

తరుగుదల అనే వరుస అంకణా లోపలే డెబిట్ వైపు కనబడితే ఆ ఏడాది సర్దుబాటు అప్పటికే అయిపోయిందని అర్థం. దాన్ని లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్లాలి, యంత్రం విలువలోంచి మళ్లీ తగ్గించకూడదు. అంకణా కింద సర్దుబాట్లలో ఇచ్చినదాన్ని మాత్రం రెండు చోట్ల చూపాలి, లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా, ఆస్తి అప్పుల పట్టీలో యంత్రం విలువకు తగ్గింపుగా.

ఇప్పుడు అమ్మకం. 30-9-2024 నాటికి ఆ ఏడాది ఆరు నెలలు గడిచాయి. అమ్మే ముందు ఆ ఆరు నెలల తరుగుదల వేయాలి. స్థిర వాయిదాలో 26,000 వేస్తే పుస్తక విలువ 3,31,000. దాన్ని 2,80,000కు అమ్మితే 51,000 నష్టం. తగ్గుతున్న నిల్వలో 2,72,000 మీద ఆరు నెలలకు 27,200 వేస్తే పుస్తక విలువ 2,44,800. అదే 2,80,000కు అమ్మితే 35,200 లాభం.

ఒకే యంత్రం, ఒకే కొనుగోలుదారు, చేతికొచ్చిన డబ్బూ ఒకటే. ఒక పుస్తకం నష్టమంటోంది, ఇంకొకటి లాభమంటోంది. రెండూ నిజమే, ఎందుకో కూడి చూస్తే తెలుస్తుంది. స్థిర వాయిదాలో అమ్మేనాటికి వేసిన తరుగుదల మొత్తం 1,69,000, దానికి 51,000 నష్టం కలిపితే 2,20,000. తగ్గుతున్న నిల్వలో వేసిన తరుగుదల 2,55,200, అందులోంచి 35,200 లాభం తీసేస్తే 2,20,000. యంత్రానికి పెట్టింది 5,00,000, తిరిగొచ్చింది 2,80,000, తేడా అదే 2,20,000. యంత్రం యజమానికి నిజంగా అయిన ఖర్చు ఇది. పద్ధతి మారితే ఈ మొత్తం మారదు, ఏ ఏడాది ఎంత మోసిందన్నదే మారుతుంది. అమ్మకంలో వచ్చిన లాభమో నష్టమో అంతకుముందు ఏళ్లలో మనం ఎక్కువ వేశామో తక్కువ వేశామో చెప్పే దిద్దుబాటు మాత్రమే. పరీక్షలో ఈ కూడిక చేసి చూసుకుంటే పట్టిక మొత్తం ఒక్క నిమిషంలో సరిచూసినట్టే. రెండు వైపులా 2,20,000 రాకపోతే మధ్యలో ఎక్కడో నెలలు తప్పాయి.

పాఠ్యపుస్తకం వదిలి నిజమైన పుస్తకాల్లోకి వెళితే కొన్ని షరతులు ఎదురవుతాయి. ఈ ప్రెస్ ఒక కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు వర్తిస్తుంది. ఆ షెడ్యూలు శాతాలు చెప్పదు, ఆయుష్షులు చెబుతుంది. కంప్యూటర్లకు 3 ఏళ్లు, ఫర్నిచర్‌కు 10, సాధారణ యంత్రాలకు 15. తుక్కు విలువ మామూలుగా అసలు ధరలో 5 శాతం దాటకూడదు. మన లెక్కలో 84,000 అంటే 16.8 శాతం. కంపెనీ అయితే దీనికీ, 15కు బదులు 8 ఏళ్లు తీసుకున్నందుకూ కారణం చూపాల్సి వచ్చేది. ఎనిమిదేళ్ల ఆయుష్షే ఉంచి తుక్కు విలువను 5 శాతానికి, అంటే 25,000కు తగ్గిస్తే క్యాలిక్యులేటర్‌లో శాతం 20 నుంచి 31కి పైగా ఎగబాకుతుంది. స్థిర వాయిదా మాత్రం 52,000 నుంచి 59,375కే పెరుగుతుంది. తుక్కు విలువ అంచనాలో కొద్దిపాటి తేడా తగ్గుతున్న నిల్వల పద్ధతిని ఎంతగా ఊపేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆదాయపు పన్ను లెక్క వేరు. అక్కడ ఇలాంటి వ్యాపారాలకు తగ్గుతున్న నిల్వల పద్ధతే. ఈ రకం యంత్రాలకు 15 శాతం. నెలల లెక్క ఉండదు, ఆ ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే సగం, లేకపోతే పూర్తిగా. మన యంత్రాన్ని కొన్న రోజు నుంచే వాడారనుకుంటే 2021 జూలై 1 నుంచి మార్చి 31 వరకు 274 రోజులు, కాబట్టి పూర్తి 15 శాతం, అంటే 75,000. మన పట్టికలోని మొదటి అంకెతో కలిసింది కదా అని ఆ పట్టికనే పన్నుకు వాడేయకండి. అది కాకతాళీయం. రెండో ఏడాది పన్ను లెక్కలో 4,25,000 మీద 15 శాతం, 63,750 మాత్రమే వస్తుంది, 85,000 కాదు. పైగా అక్కడ ఒకే రేటున్న యంత్రాలన్నీ ఒక కట్టగా ఉంటాయి. ఒకటి అమ్మితే వచ్చిన డబ్బు ఆ కట్ట విలువలోంచి తగ్గుతుందే తప్ప, ఆ ఒక్క యంత్రం మీద విడిగా లాభనష్టం సాధారణంగా తేల్చరు.

మరి ఈ ప్రెస్సుకు ఏ పద్ధతి మేలంటే, నా ఓటు తగ్గుతున్న నిల్వలకే. అచ్చు యంత్రం కొత్తలో ఎక్కువ పని చేస్తుంది, తక్కువ ఆగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రోలర్లు మార్చాలి, బేరింగులు మార్చాలి, మెకానిక్ వచ్చేవరకు పని నిలిచిపోతుంది. తొలి ఏళ్లలో తరుగుదల ఎక్కువ, మరమ్మతులు తక్కువ. తర్వాత తరుగుదల తగ్గి మరమ్మతులు పెరుగుతాయి. రెండూ కలిపితే ఏటా యంత్రం మీద పడే భారం కొంత సమంగా ఉంటుంది. మార్కెట్టు ఇచ్చిన సాక్ష్యమూ అటువైపే ఉంది. 2,80,000 అమ్మకం ధర 3,31,000 కన్నా 2,44,800కే దగ్గర. అదే ప్రెస్సులోని బల్లలకు, అల్మరాలకు అయితే స్థిర వాయిదా చాలు. వాటి సేవ మొదటి ఏడాదీ పదో ఏడాదీ ఒకటే.

ఎంచుకున్న పద్ధతిని లాభం ఎక్కువ చూపాలనుకున్న ఏడాది ఒకలా, తక్కువ చూపాలనుకున్న ఏడాది ఇంకోలా తిప్పడానికి వీల్లేదు. యంత్రం వాడకం తీరు నిజంగా మారితేనే మార్చాలి. 2016లో సవరించిన పదో అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఆ మార్పు ముందు ఏళ్లకే వర్తిస్తుంది, గడిచిన ఏళ్ల లెక్కలు తిరగరాయరు. ఈ ప్రెస్ రెండేళ్లు స్థిర వాయిదా వేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి 20 శాతం తగ్గుతున్న నిల్వకు మారితే, మూడో ఏడాది తరుగుదల 3,40,000 మీద కాదు, ఆనాటికి పుస్తకాల్లో నిజంగా ఉన్న 4,09,000 మీద, 81,800 అవుతుంది.